తొమ్మిది మాటలు, తొమ్మిది వత్తులు: చదువు నేర్పే కార్టూన్‌కు సంభాషణ ఎలా రాయాలి

"అయ్యో! ఉన్నట్టుండి వర్షం కురుస్తోంది. ఇప్పుడు మనం ఎక్కడికి వెళ్ళాలి తాతయ్యా?"

ఒకటో తరగతి పిల్లల కోసం తీసే రెండు నిమిషాల బొమ్మల సినిమాకు నేను మొదట రాసుకున్న డైలాగు ఇది. వింటే ఇందులో కష్టమేమీ లేదు. అయిదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. కానీ ఈ సినిమా వినడానికి మాత్రమే కాదు. పాత్ర మాట్లాడుతుంటే అదే మాట తెర కింద అక్షరాల్లో కనిపిస్తుంది, పలికిన మాట పలికినప్పుడు రంగు మారుతుంది. పిల్లలు దాన్ని చూస్తూ చదవాలి. ఇప్పుడు ఆ డైలాగును చదివే పిల్ల కళ్లతో చూడండి. తొమ్మిది మాటలు, ఇరవై ఏడు అక్షరాలు, వాటి కింద తొమ్మిది వత్తులు. వత్తు లేని మాట ఒక్క 'మనం' మాత్రమే. 'ఉన్నట్టుండి'లో ఏకంగా రెండున్నాయి.

చెవికి తేలికైన తెలుగు, కంటికి తేలికైన తెలుగు ఒకటి కావు. ఇలాంటి స్క్రిప్టు రాయడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది.

తెర మీద వినిపించే భాషలోనే అక్షరాలు చూపించి చదువు నేర్పవచ్చన్న ఆలోచన మన దేశంలో కొత్తదేమీ కాదు. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన బ్రిజ్ కొఠారి 1996లో దీన్ని ముందుకు తెచ్చారు. సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యం వేస్తే, చదువు సగంలో ఆగిపోయిన పెద్దవాళ్లు పాటతోపాటు కళ్లు కదుపుతారన్నది ఆయన వాదన. తర్వాత అదే పద్ధతి పిల్లల బొమ్మల కథల్లోకీ వచ్చింది. పాటకూ కథకూ ఒక తేడా ఉంది. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది, అక్షరాలు దానికి తోడవుతాయి. కథలో మాట కొత్తది. పిల్ల దాన్ని మొదటిసారి వింటోంది, మొదటిసారే చూస్తోంది. కాబట్టి పాటలో చెల్లిన వత్తు ఇక్కడ చెల్లదు.

మన బడుల్లో పలక పట్టిన పిల్ల ముందు తల, వల, పలక లాంటి మాటలు నేర్చుకుంటుంది. తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ద్విత్వాక్షరాలు, చివరికి సంయుక్తాక్షరాలు వస్తాయి. ఒకటో తరగతి సగంలో ఉన్న పిల్లకు గుణింతాలు కొద్దికొద్దిగా వచ్చి ఉంటాయి, వత్తులు ఇంకా వచ్చి ఉండవు. సరే, వత్తులు లేకుండా రాద్దాం అని కూర్చుంటే, తెలుగులో అది ఎంత కష్టమో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ముందు చుట్టాలందరూ పోతారు. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, పిన్ని, అమ్మమ్మ, నానమ్మ, ఒక్కరికీ చోటుండదు. మిగిలేది తాత, మామ, బావ, వదిన, బాబాయి. ('అమ్మ', 'నాన్న' అన్న మాటలను పిల్లలు అక్షరం అక్షరంగా కాకుండా బొమ్మలా గుర్తుపడతారు కాబట్టి ఆ రెంటికీ మినహాయింపు ఇవ్వవచ్చు.) తర్వాత కుక్క, పిల్లి, నక్క, కప్ప, గుర్రం పోతాయి. మేక, కోడి, ఆవు, కోతి, ఏనుగు, చీమ ఉంటాయి. పిల్లల కథల్లో తాతకూ మేకకూ ఇన్నిసార్లు పని పడేది ఊరికే కాదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అసలు దెబ్బ క్రియల దగ్గర తగులుతుంది. 'దూకుతున్నాడు', 'దూకుతున్నాను', 'దూకుతున్నావు', 'దూకుతున్నారు' అన్నింటిలోనూ 'న్నా' ఉంది. అంటే మగపిల్లవాడు చేస్తున్న పనిని వత్తు లేకుండా చెప్పడానికి దారే లేదు. అదే మేక దూకితే 'దూకుతోంది'. వత్తు లేదు, సున్న ఉంది, అంతే. 'అన్నాడు'లో వత్తు ఉంది, 'అంది'లో లేదు. 'పడ్డాడు'లో ఉంది, 'పడింది'లో లేదు. కాబట్టి ముఖ్య పాత్ర జంతువో ఆడపిల్లో అయితే సగం స్క్రిప్టు దానంతటదే తేలికపడుతుంది. పాత్రలను ఎంచుకోవడం కథ పని అనుకుంటాం గానీ, ఈ రకం స్క్రిప్టులో అది వ్యాకరణం పని కూడా.

అయితే అన్ని క్రియలూ ఇలా లొంగవు. చూడు, చేయి, రాయి, నడువు లాంటివి 'చూస్తోంది', 'చేస్తోంది' అయ్యేసరికి 'స్తో' వచ్చి కూర్చుంటుంది. ఆడు, పాడు, దూకు, ఎగురు, తాగు లాంటివి మాత్రం చెప్పినట్టు వింటాయి. నా మొదటి డైలాగులో 'వర్షం కురుస్తోంది'కి రెండు వత్తులు ఖర్చయ్యాయి. 'వాన పడుతోంది' అంటే ఒక్కటీ అవసరం లేదు. పైగా ఇంట్లో మనం అనేది కూడా అదే. వత్తును తప్పించబోతే చాలాసార్లు పుస్తకం మాట పోయి ఇంటి మాట దొరుకుతుంది. ఈ కష్టంలో కలిసొచ్చేది ఇదొక్కటే.

ఇక సమయం సంగతి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ అనే పునాది చదువు కార్యక్రమం లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి చివరికి పిల్లలు 4–5 తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవగలగాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థంతో చదవాలి. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కూడా ఇదే పునాది చదువు కోసం పుట్టిన కార్యక్రమం. 45 మాటలంటే ఒక్కో మాటకు ఇంచుమించు సెకను, మరో మూడో వంతు. ఇది రెండో తరగతి దాటబోయే పిల్ల వేగం. ఒకటో తరగతి పిల్లకు దానికి రెట్టింపు సమయం ఇవ్వాలి. అంటే రెండు మాటల డైలాగు తెర మీద అయిదు సెకన్లు నిలవాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మాటల లెక్క తెలుగులో అంత నమ్మదగింది కాదు. 'రా' ఒక మాటే, 'వెళ్ళిపోతున్నాడు' కూడా ఒక మాటే. మొదటిది ఒక అక్షరం, రెండోది ఆరక్షరాలు, రెండు వత్తులు. ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా విడివిడిగా ఉండేవన్నీ మన దగ్గర క్రియ తోకకు అతుక్కుంటాయి. అందుకే నేను మాటలతోపాటు అక్షరాలు కూడా లెక్కపెడతాను. ఒకటో తరగతికి డైలాగు ఎనిమిది అక్షరాలు దాటకూడదన్నది నేను పెట్టుకున్న గీత. ఎక్కడా రాసి ఉన్న నియమం కాదు గానీ, దాటిన ప్రతిసారీ పిల్లలు వెనకబడ్డారు.

అయిదు సెకన్లు నిలవాలి కదా అని డబ్బింగ్ చెప్పేవాళ్లు మాటను సాగదీస్తే ఇంకో తంటా. 'చో...టుం...దా' అని సాగదీసి పలికితే అది మాటలా ఉండదు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. మాటను మామూలుగానే పలకాలి. పలికాక పాత్ర ఒక క్షణం ఆగాలి, కళ్లార్పాలి, జవాబు కోసం ఎదురుచూడాలి. అక్షరాలు అలాగే ఉంటాయి. స్క్రిప్టులో ఈ నిశ్శబ్దాన్ని కూడా రాయాలి. రాయకపోతే ఎడిటింగ్‌లో మొదట కత్తిరించేది దాన్నే.

ఇవన్నీ పెట్టుకుని రాస్తే కథ ఎలా వస్తుందో చూద్దాం. వాన వస్తోంది. తాత దగ్గర ఒక గొడుగు ఉంది. మేక తడవడానికి అస్సలు ఒప్పుకోదు, మేకలు నిజంగానే అంతే. గొడుగు కిందికి వస్తుంది. తర్వాత కోడి, తర్వాత ఆవు. ఆవు దూరేసరికి తాత సగం బయట ఉంటాడు. ఈలోగా వెనక వాన తగ్గి ఎండ వస్తుంది. గొడుగు కింద ఉన్నవాళ్లెవరూ దాన్ని చూడరు, సినిమా చూస్తున్న పిల్లలు చూస్తారు. చివరికి చీమ వస్తుంది.

తాత: వాన! వాన!
మేక: తాతా! చోటుందా?
తాత: ఉంది. రా!
కోడి: తాతా! చోటుందా?
మేక: జరుగు తాతా!
తాత: ఉంది. రా!
ఆవు: తాతా! చోటుందా?
కోడి: జరుగు తాతా!
తాత: ఉంది. రా!
చీమ: తాతా! తాతా!
అందరూ: చోటు లేదు!
చీమ: చోటు కాదు తాతా.
చీమ: ఏది వాన?

పదమూడు డైలాగులు, ఇరవై ఏడు మాటలు. అందులో వేరువేరు మాటలు పదే. ఒక్క వత్తూ లేదు. హల్లులు పదకొండు, విడి అచ్చులు ఉ, ఏ రెండు. గుర్తుల్లో దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం, వాటితోపాటు సున్న. ఈ జాబితాను ముందే టీచరు చేతిలో పెట్టవచ్చు: మీ పిల్లలకు ఇవి వచ్చాకే ఈ సినిమా వేయండి అని. ఒక్కో డైలాగుకు అయిదు సెకన్లు వేస్తే 65 సెకన్లు. రెండు నిమిషాల సినిమాలో ఇంకా 55 సెకన్లు మిగులుతాయి. మబ్బు పట్టడం, గొడుగు తెరవడం, ఆవు దూరడం, తాత చొక్కా తడవడం, ఎండ రావడం అన్నీ అందులో జరుగుతాయి, మాట లేకుండా. ఆ సమయంలో తెర కింద ఏ అక్షరమూ ఉండకూడదు. అప్పుడే అక్షరాలు వచ్చినప్పుడు కన్ను కిందికి వెళ్తుంది.

'చోటుందా' అని కలిపి ఎందుకు రాశారు, 'చోటు ఉందా' కదా సరైంది అని ఒక టీచరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. విడదీసి రాస్తే చదవడం ఇంకా తేలిక. కానీ మన నోరు విడదీసి పలకదు. డబ్బింగ్‌లో 'చోటుందా' అని వినిపిస్తూ తెర మీద 'చోటు ఉందా' అని కనిపిస్తే, 'చోటు' మీద రంగు మారేసరికే గొంతు 'టుం' దాటిపోయి ఉంటుంది. కళ్లకీ చెవికీ పొంతన తప్పుతుంది. సంధి తెలుగును వదలదు కాబట్టి నాకు తెలిసిన దారులు రెండే. ఒకటి, పలికినట్టే రాయడం. రెండు, వాక్యం మధ్యలో అచ్చుతో మొదలయ్యే మాట రాకుండా వాక్యాన్ని తిప్పడం. చివరి డైలాగు మొదట 'వాన ఏది?' అని ఉండేది. రికార్డింగ్‌లో అది 'వానేది?' అయింది. తిప్పి 'ఏది వాన?' అని రాస్తే అతకడానికి ఏమీ లేదు. పైగా చీమ వెటకారం కూడా బాగా పండింది.

మాటల ఎంపికలో యాస గొడవ ఎప్పుడూ ఉంటుంది. తెలంగాణ పల్లెలో పిల్ల 'చోటు' అనదు, 'జాగ' అంటుంది. సినిమా ఒక్క తెలంగాణ బడులకే అయితే నేనైనా 'జాగ' అనే రాస్తాను. అక్కడి పిల్ల నోట్లో ఉన్న మాటను అక్షరాల్లో చూసుకుంటే దాని ఉత్సాహమే వేరు. రెండు రాష్ట్రాల్లోనూ వేయాలంటే మాత్రం ఏ యాసవాళ్లకైనా అర్థమయ్యే మాటలు వెతకాలి. రా, ఉంది, లేదు, కాదు, వాన, తాత అలాంటివే. కొన్ని వస్తువుల జోలికి మాత్రం పోకపోవడం మంచిది. వేరుశనగకాయ ఒక చోట పల్లీ, ఇంకోచోట బుడ్డ. ఆనపకాయ ఒక చోట, సొరకాయ ఇంకోచోట. బొమ్మ చూసి పిల్ల ఒక మాట అనుకుంటుంది, కింద ఇంకోమాట ఉంటుంది. చదవడం రాదని కాదు, ఆ మాట తనది కాదంతే. ఇంట్లో కోయో గోండియో సవరో మాట్లాడే పిల్లలకు అన్ని మాటలూ ఇలాగే ఉంటాయి. వాళ్ల బడిలో వేసేటప్పుడు ముందుగా గొడుగు, మేక, వాన బొమ్మలు చూపించి ఇంటి భాషలో కథ చెప్పించాలి. ఈ పని స్క్రిప్టు చేయలేదు, టీచరే చేయాలి.

ఇప్పుడు పునరుక్తి సంగతి. 'తాతా! చోటుందా?' మూడుసార్లు ఎందుకు వస్తోంది? మూడూ ఒకేలా వాడడానికి కాదు. మేక అడిగినప్పుడు గొంతూ అక్షరమూ కలిసి వస్తాయి. కోడి అడిగేటప్పుడు అక్షరాలు రెండు సెకన్లు ముందే వస్తాయి, గొంతు తర్వాత. చదవగలిగిన పిల్లలు కోడికంటే ముందే అనేస్తారు. ఆవు వంతు వచ్చేసరికి అక్షరాలు ఉంటాయి, ఆవు నోరు తెరుస్తుంది, గొంతు రాదు. తరగతి మొత్తం ఆవుకు డబ్బింగ్ చెబుతుంది. స్క్రిప్టులో ఇది స్పష్టంగా రాయకపోతే సౌండు చూసేవాళ్లు ఏదో మర్చిపోయారనుకుని గొంతు పెట్టేస్తారు. నాకు ఒకసారి అలాగే జరిగింది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఆవుకు గొంతిచ్చిన పిల్లలు నిజంగా చదివారా, లేక మూడోసారి కాబట్టి బట్టీగా అన్నారా? తెర ముందు నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. టీచర్లు సంతోషపడేది, మోసపోయేది కూడా ఈ క్షణంలోనే. తేడా కాగితం మీదే తెలుస్తుంది. సినిమా అయ్యాక 'వాన లేదు. రా తాతా!' అని రాసి చూపించాలి. మాటలన్నీ సినిమాలోవే, వరుస మాత్రం కొత్తది. ఆ పక్కనే 'చోటు లేదు', 'చోటు కాదు' పెట్టాలి. వీటి మధ్య తేడా ఒక్క అక్షరం. ఆ తర్వాత సినిమాలో ఎక్కడా రాని మాట ఒకటి, కానీ అవే అక్షరాలతో: తోట, దారి, గాలివాన. 'గాలివాన'ను కూడబలుక్కుని చదివిన పిల్లకు సినిమా పనిచేసినట్టు. దాన్ని చూసి 'వాన!' అని అరిచిన పిల్లకు సగం పనిచేసినట్టు. చివరి 'వాన' గుర్తుపట్టింది, ముందున్నవి చూడలేదు. ఏ కాగితం చూపించినా 'తాతా చోటుందా' అనే పిల్ల పాట నేర్చుకుంది, అంతే. తరగతిలో ఇలాంటివాళ్లు ఎక్కువైతే తప్పు పిల్లలది కాదు, స్క్రిప్టుది. ఆ పునరుక్తిలో ఏదో ఒక మాట మార్చాలి. ఉదాహరణకు ఆవు 'తాతా! చోటు లేదా?' అని అడగవచ్చు. ఆ 'లేదా' దగ్గర బట్టీ కొట్టినవాళ్లు ఆగిపోతారు, చదివేవాళ్లు నవ్వుతారు.

అక్షరాలు తెర మీదికి వచ్చాక ఇంకో తనిఖీ ఉంది, చిన్నదే. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని తెలుగును సరిగ్గా కూర్చవు. వత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడి, మధ్యలో పొల్లు కనిపిస్తుంది. గుడి ఒక చోట, అక్షరం ఒక చోట పడుతుంది. పెద్దవాళ్లం సర్దుకుని చదివేస్తాం, గమనించం కూడా. అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు అది వేరే అక్షరం. అందుకే తయారైన వీడియోను కంప్యూటర్ ముందు కాకుండా బడిలో టీవీకి చివరి వరుసంత దూరంలో నిలబడి చూడాలి. ఎత్వం, ఏత్వం తేడా, మ, య తేడా అక్కడి నుంచి కనిపిస్తేనే ఫాంటు సరిపోయినట్టు.

వత్తులు ఎప్పటికీ వద్దని కాదు. ఇదే కథను రెండో తరగతికి తిరిగి రాయవచ్చు. అప్పుడు చేయాల్సింది అన్ని వత్తులనూ ఒకేసారి తలుపు తీసి రానివ్వడం కాదు, ఒక్కదాన్ని పట్టుకోవడం. డ-వత్తును తీసుకుందాం. మేక నోట్లో గడ్డి ఉంది, 'నా గడ్డి తడిసింది!' అంటుంది. కోడి 'నా గుడ్డు! నా గుడ్డు!' అంటూ పరిగెత్తుకొస్తుంది. తాత తోవలో నిలబడితే 'అడ్డు లే తాతా!' అంటుంది ఆవు. గడ్డి, గుడ్డు, అడ్డు. ఒకే వత్తు మూడు మాటల్లో, మూడు బొమ్మలతో. కథ చిక్కబడింది కూడా, ఎందుకంటే ఇప్పుడు కోడికి గుడ్డు తడవకూడదన్న ఆరాటం ఉంది. 'వర్షం', 'ఇప్పుడు', 'వెళ్ళాలి' ఇప్పటికీ బయటే ఉంటాయి.

మొదటి డైలాగు కాగితం నా దగ్గర ఇంకా ఉంది. అందులోని తొమ్మిది మాటల్లో ఆఖరి స్క్రిప్టుదాకా వచ్చింది 'తాతయ్యా' ఒక్కటే, అదీ తోక తెగి.